మూడు రంగుల బంగారం

18 క్యారెట్ల ఉంగరాలు మూడు పక్కపక్కన పెడితే ఒకటి పసుపుగా, ఒకటి తెల్లగా, మరొకటి గులాబీ రంగులో ఉండవచ్చు. మూడింటిలోనూ బంగారం పాలు ఒక్కటే, బరువులో నూటికి 75. రంగు మారేదంతా మిగిలిన పాతిక పాళ్ళ వల్లే. ఆ పాతికలో వెండి ఎంత, రాగి ఎంత, మరో లోహమేదైనా ఉందా అన్నదాన్ని బట్టి దుకాణాల్లో ఎల్లో గోల్డ్, రోజ్ గోల్డ్, వైట్ గోల్డ్ అని పిలిచే మూడు రకాలు తయారవుతాయి. నగ ఎర్రగా కనిపిస్తే రాగి ఎక్కువ కలిపి మోసం చేశారని, తెల్లగా ఉంటే వెండి కలిపి ఉంటారని అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రాగి ఎక్కువ కలిసిందన్న మాట వరకూ నిజమే గానీ అది మోసం కాదు. తెల్లదనం వెండి వల్ల వచ్చిందన్నది మాత్రం 18 క్యారెట్ల నగ విషయంలో తప్పు.

అసలు బంగారం పసుపుగా ఎందుకుంటుందో ముందు చూడాలి. వెండి తనమీద పడిన వెలుగులోని రంగులన్నిటినీ దాదాపు సమానంగా తిప్పికొడుతుంది, అందుకే తెల్లగా మెరుస్తుంది. బంగారు అణువులోని ఎలక్ట్రాన్లు నీలి వెలుగును మింగేస్తాయి. నీలం పోగా మిగిలిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చలు కలిసి వెనక్కి వస్తే కంటికి పసుపుగా కనిపిస్తుంది. రాగి నీలంతో పాటు ఆకుపచ్చలో కొంత భాగాన్ని కూడా మింగుతుంది, అందుకే దానికి ఎర్రదనం ఎక్కువ. బంగారంలో రాగి కలిపితే మింగుడు ఆకుపచ్చ వైపు జరిగి ఎరుపు తేలుతుంది. వెండి కలిపితే అది నీలం వైపు జరిగి పసుపు పలచబడుతుంది, కొంచెం ఆకుపచ్చ ఛాయ తొంగిచూస్తుంది. ఈ రెండు లోహాలూ ఒకదాని ప్రభావాన్ని ఒకటి తగ్గించుకుంటాయి. కంసాలి చేతిలోని కిటుకంతా ఈ సమతూకమే.

ఈ సమతూకం ఎలా పనిచేస్తుందో చూపడానికి రెండు నాణేలు చాలు. దక్షిణాఫ్రికా 1967 నుంచి ముద్రిస్తున్న క్రూగరాండ్, అమెరికా 1986 నుంచి ముద్రిస్తున్న ఈగిల్. రెండూ 22 క్యారెట్లవే, ఔన్సు నాణేల బరువు రెండింటికీ 33.93 గ్రాములే, రెండింటిలోనూ మేలిమి బంగారం ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. క్రూగరాండ్‌లో మిగిలిన భాగమంతా రాగి. ఈగిల్‌లో మాత్రం నూటికి 3 పాళ్ళు వెండి, 5.33 పాళ్ళు రాగి. పక్కపక్కన పెడితే క్రూగరాండ్ స్పష్టంగా ఎర్రగా, ఈగిల్ పసుపుగా కనిపిస్తాయి. బంగారం విలువలో రవ్వంత తేడా లేదు. రంగు చూసి క్యారెట్లు చెప్పబోతే ఎంత పొరబడతామో దీన్నిబట్టే తెలుస్తుంది.

22 క్యారెట్లలో కలపడానికి ఉండేది ఎనిమిది పాళ్ళ పైచిలుకు మాత్రమే, కాబట్టి రంగు అంతగా మారదు. 18 క్యారెట్లకు వస్తే పాతిక పాళ్ళు చేతిలో ఉంటాయి, అక్కడే మూడు రంగులూ విడిపోతాయి. లెక్క కోసం 10 గ్రాముల మేలిమి బంగారం తీసుకుందాం. అది మొత్తంలో నూటికి 75 పాళ్ళు కావాలంటే మొత్తం 13.33 గ్రాములుండాలి. అంటే మూసలో 3.33 గ్రాముల ఇతర లోహం కలపాలి. పసుపు రంగు కావాలంటే దాన్ని సగం సగం చేస్తారు, 1.67 గ్రాముల వెండి, 1.67 గ్రాముల రాగి. వాచీల తయారీలో ఎక్కువగా వాడే ఒక ప్రమాణం రోజ్ గోల్డ్‌కు రాగిని 20.5 పాళ్ళు, వెండిని 4.5 పాళ్ళు ఉంచుతుంది. మన లెక్కలో అది 2.73 గ్రాముల రాగి, 0.60 గ్రాముల వెండి. మధ్యస్థంగా, లేత గులాబీ కావాలంటే రాగి 2.13, వెండి 1.20. వెండి మొత్తం మానేసి పాతిక పాళ్ళూ రాగే వేస్తే అది రోజ్ గోల్డ్ కాదు, రెడ్ గోల్డ్. రాగి మానేసి పాతిక పాళ్ళూ వెండి వేస్తే వచ్చేది తెల్ల బంగారం కాదు, ఆకుపచ్చ ఛాయ ఉన్న లేత పసుపు లోహం. వెండితోనే తెల్లదనం తేవాలంటే బంగారం పాలు బాగా పడిపోవాలి. 9 క్యారెట్లలో, అంటే 37.5 పాళ్ళ బంగారానికి 62.5 పాళ్ళ వెండి చేరిస్తే అప్పుడు తెల్లబడుతుంది.

కలిపే పని చెప్పినంత తేలిక కాదు. లోహాలను తూచి, మూసలో వేసి, పైన వెలిగారం చల్లుతారు. అది కరిగి పలుచని పొరగా కప్పుకుని గాలి తగలకుండా చేస్తుంది. రాగికి వేడిలో గాలి తగిలితే ఆక్సైడ్‌గా మారుతుంది, ఆ ఆక్సైడ్ లోహంలో చిక్కుకుంటే తర్వాత సాగదీసేటప్పుడు పగుళ్ళు వస్తాయి. అందుకే రోజ్ గోల్డ్ వేసేవాళ్ళు రాగిని శుభ్రంగా, ముక్కలుగా, వీలైతే ఆక్సిజన్ లేని రకంగా ఎంచుకుంటారు. ద్రవం బాగా కలియకుండా అచ్చులో పోస్తే కడ్డీ ఒకచోట ఎర్రగా, ఒకచోట పసుపుగా తేలుతుంది. కడ్డీని మళ్ళీ ముక్కలు చేసి కరిగించడమే దానికి మందు. జింకు కూడా కొంచెం వాడతారు, లోహం అచ్చులోకి సాఫీగా పారడానికి. కానీ జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, బంగారం కరిగేది 1064 డిగ్రీలకు. ముందే వేస్తే పొగగా పోతుంది, ఆ మేరకు కొలతలు తప్పుతాయి. ఈ తలనొప్పి తప్పించుకోవడానికే చాలామంది ఇప్పుడు వెండి, రాగి, జింకు ముందే కలిపి అమ్మే గుళికలు కొని బంగారంలో వేస్తున్నారు.

రోజ్ గోల్డ్‌లో మరో చిక్కు ఉంది. రాగి అణువు తేలిక, బంగారు అణువు బరువు. అందువల్ల 75 పాళ్ళ బంగారం, 25 పాళ్ళ రాగి అన్నది బరువులో మూడు వంతులూ ఒక వంతూ అయినా, అణువుల లెక్కలో దాదాపు సగం సగం. ఇలా సరిసమానంగా ఉన్న అణువులు 410 డిగ్రీలకు దిగువన నెమ్మదిగా చల్లబడితే చెల్లాచెదురుగా ఉండకుండా వరుస కడతాయి, ఒక పొర బంగారం, ఒక పొర రాగి అన్నట్టు. అలా వరుస కట్టిన లోహం గట్టిపడి పెళుసవుతుంది, వంచితే చీలుతుంది. రెడ్ గోల్డ్ పని తెలిసినవాళ్ళు కాల్చిన ముక్కను పక్కన పెట్టి ఆరనివ్వరు, వెంటనే నీళ్ళలో ముంచుతారు. అణువులకు వరుస కట్టే సమయం దొరకకుండా చేయడమే ఇందులోని ఆంతర్యం. పసుపు బంగారానికి అలవాటుపడిన చెయ్యి రోజ్ గోల్డ్ ఉంగరాన్ని సైజు పెంచబోయి ముక్కలు చేసిందంటే కారణం చాలాసార్లు ఇదే. కొంచెం వెండి చేర్చితే ఈ బెడద తగ్గుతుంది, అందుకే 20.5, 4.5 లాంటి పాళ్ళు స్థిరపడ్డాయి. ఏళ్ళు గడిచేకొద్దీ చెమట, గాలి తగిలి పైపైని రాగి కాస్త మాసి గులాబీ ముదురుతుంది. మెత్తటి గుడ్డతో సానపెడితే మళ్ళీ మొదటి రంగు వస్తుంది, ఎందుకంటే ఈ రంగు పూత కాదు, లోపలి దాకా ఉన్నది.

తెల్లదనం తెచ్చే దారి పూర్తిగా వేరు. ఇక్కడ వెండి, రాగి ప్రధానం కావు. నికెల్, పల్లాడియం అనే రెండు లోహాల్లో ఏదో ఒకటి కావాలి. ఇవి బంగారంలో కరిగినప్పుడు నీలాన్నే కాక పసుపు, ఎరుపు వెలుగును కూడా మింగేలా ఎలక్ట్రాన్ల అమరికను మార్చేస్తాయి. అన్ని రంగులూ ఇంచుమించు సమానంగా తగ్గితే కంటికి మిగిలేది బూడిద ఛాయ ఉన్న తెలుపు. వెండి అంత ధగధగ రాదు గానీ పసుపు పోతుంది.

నికెల్ చవక, తక్కువ పాళ్ళలోనే బాగా తెలుపు తెస్తుంది. 18 క్యారెట్ల నికెల్ వైట్ గోల్డ్ ఒక పాకంలో బంగారం 75, నికెల్ 13.5, రాగి 8.5, జింకు 3 పాళ్ళుంటాయి. ఇక్కడ రాగి ఎందుకని సందేహం రావచ్చు. నికెల్ మిశ్రమం మరీ గట్టిగా, సాగదీయడానికి మొండిగా ఉంటుంది. దాన్ని మెత్తబరచడానికే రాగి. తీరా రాగి ఎర్రదనం కొంత వెనక్కి తెచ్చేస్తుంది, దాన్ని అణచడానికి జింకు. ఒక లోటు తీర్చబోతే ఇంకో లోటు వస్తుంటుంది. నికెల్‌తో అసలు గొడవ చర్మానిది. చెమటలో కొంచెం కొంచెంగా కరిగి బయటికొచ్చిన నికెల్ కొందరిలో దురద, ఎర్రటి దద్దుర్లు పుట్టిస్తుంది, ముఖ్యంగా చెవి కమ్మల దగ్గర. ఒకసారి ఈ ఎలర్జీ వస్తే మామూలుగా జీవితాంతం ఉంటుంది. యూరప్ దేశాలు 1994లో చేసిన చట్టం చర్మానికి అంటి ఉండే వస్తువు నుంచి చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదని నిబంధన పెట్టింది.

పల్లాడియం ప్లాటినం జాతి లోహం, చర్మానికి ఈ ఇబ్బంది చాలా తక్కువ, మిశ్రమం మెత్తగా, రాళ్ళు పొదగడానికి అనువుగా ఉంటుంది. 10 గ్రాముల మేలిమి బంగారానికి 2 గ్రాముల పల్లాడియం, 1.33 గ్రాముల వెండి చేరిస్తే ఒక మంచి 18 క్యారెట్ల పాకం తయారవుతుంది. అయితే పల్లాడియం కరిగేది 1555 డిగ్రీలకు. మామూలు కుంపటి సరిపోదు, విద్యుత్ కొలిమి లాంటి గట్టి వేడి కావాలి. పైగా ఆ 2 గ్రాముల వెల రాగి, వెండి వెలతో పోల్చదగ్గది కాదు. ఒకే దుకాణంలో ఒకే బరువున్న రోజ్ గోల్డ్ ఉంగరం కన్నా పల్లాడియం వైట్ గోల్డ్ ఉంగరం ఖరీదైతే ఆ తేడాలో చాలా భాగం ఇక్కడిదే, బంగారంది కాదు.

ఇంత చేసినా వైట్ గోల్డ్ పూర్తిగా తెల్లగా ఉండదు. లేత పసుపో, బూడిద ఛాయో మిగులుతుంది. అమెరికా ఆభరణ పరిశ్రమ ఈ మిగిలిన పసుపును యంత్రంతో కొలిచి అంకె ఇస్తుంది. 19 కన్నా తక్కువుంటే మొదటి రకం, 24.5 వరకూ రెండోది, 32 వరకూ మూడోది. చాలా నగల్లో ఈ లోటును కప్పిపుచ్చడానికి పైన రోడియం పూత వేస్తారు. విద్యుత్ ద్రావణంలో ముంచి వేసే ఈ పూత మందం సాధారణంగా ఒక మైక్రాన్ లోపే. దుకాణంలో అద్దంలా మెరిసే తెలుపు రోడియం తెలుపు, బంగారానిది కాదు. రోజూ పెట్టుకునే ఉంగరం అరచేతి వైపు అంచున ఏడాది రెండేళ్ళలో అరిగి లోపలి వెచ్చని ఛాయ బయటపడుతుంది. చెవి కమ్మలు, నెక్లెసుల మీద ఎక్కువకాలం నిలుస్తుంది. పూత పోయినంత మాత్రాన నగ నకిలీ కాదు, మళ్ళీ పూత వేయిస్తే సరి. కొనేటప్పుడు అమ్మేవాళ్ళను రెండు ప్రశ్నలు అడగాలి. కింద లోహం నికెలా, పల్లాడియమా? మళ్ళీ రోడియం వేయడానికి ఎంత తీసుకుంటారు?

ఇక్కడే ఇంకో మాట చెప్పుకోవాలి. 22 క్యారెట్ల వైట్ గోల్డ్ అని ఎవరైనా అంటే నమ్మడం కష్టం. ఎనిమిది పాళ్ళ పైచిలుకు నికెల్‌గానీ పల్లాడియంగానీ 92 పాళ్ళ బంగారాన్ని తెల్లబరచలేదు. అలాంటి నగ తెల్లగా కనిపిస్తోందంటే పసుపు బంగారం మీద రోడియం పూసినదే అయివుంటుంది. మన వైపు సాదా నగలు 22 క్యారెట్లలో, వజ్రాల నగలు 18 క్యారెట్లలో చేయడం వాడుక. 18 క్యారెట్లు గట్టిగా ఉండి రాళ్ళను పట్టి ఉంచుతాయి. తెలుపు, గులాబీ రంగులు ఎక్కువగా వజ్రాల నగల్లోనే కనిపించడానికీ ఇదే కారణం.

పాత గాజులు కరిగించి రోజ్ గోల్డ్ చేయించుకోవాలనుకునేవాళ్ళకు ఈ లెక్కలు అక్కరకొస్తాయి. 10 గ్రాముల 22 క్యారెట్ల గాజులో 9.17 గ్రాముల బంగారం, 0.83 గ్రాముల ఇతర లోహం ఉంటాయి. 18 క్యారెట్లకు దించితే మొత్తం 12.22 గ్రాములు అవుతుంది, కలపాల్సింది 2.22 గ్రాములు. ఆ 0.83 గ్రాముల్లో వెండి, రాగి సగం సగం ఉన్నాయనుకుంటే 2.09 గ్రాముల రాగి, 0.13 గ్రాముల వెండి చేర్చాలి. కానీ సగం సగం అన్నది ఊహే. పాత నగలో వెండే ఎక్కువుండవచ్చు, అతుకులకు వాడిన టాంకాలో జింకో కాడ్మియమో ఉండవచ్చు. అప్పుడు రంగు అనుకున్నదానికన్నా లేతగానో ముదురుగానో వస్తుంది, కాడ్మియం పొగ పనివాడి ఊపిరితిత్తులకు ప్రమాదం కూడా. అందుకే జాగ్రత్తపరులు పాత బంగారాన్ని ముందు శుద్ధి చేయించి మేలిమి చేసుకున్నాకే రంగుల జోలికి వెళతారు.

ఇక గుర్తుపట్టడం. మొదట చూడాల్సింది హాల్‌మార్క్. 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో హాల్‌మార్క్ నగల మీద భారత ప్రమాణాల సంస్థ చిహ్నం, స్వచ్ఛత అంకె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉండాలి. 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750, 14 క్యారెట్లకు 585. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆరు గుర్తులూ కొడితే ఆ నగ వివరాలు వస్తాయి. ఈ ముద్ర బంగారం ఎంతుందో చెబుతుంది, మిగిలినదేమిటో చెప్పదు. మూడు రంగుల 18 క్యారెట్ల నగలకూ ఉండేది అదే 750. తెల్లటి నగ మీద 750 ఉంటే వైట్ గోల్డ్, పీటీ 950 ఉంటే ప్లాటినం, 925 ఉంటే వెండి. బంగారు పూత వేసిన నగలకు 750 ముద్ర ఉండదు. రోజ్ గోల్డ్ పూత నగలు వాడగా వాడగా అంచుల్లో, కొక్కెం దగ్గర అరిగి వేరే రంగు బయటపెడతాయి, అసలుది ఎక్కడ గీసినా ఒకే గులాబీ. అయస్కాంతం మీద నమ్మకం పెట్టుకోకూడదు, వెండి, రాగి, ఇత్తడి కూడా దానికి అంటుకోవు.

రాళ్ళు లేని ఉంగరమైతే ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. వంద వంతు గ్రాము చూపే చిన్న త్రాసు, గ్లాసుడు నీళ్ళు చాలు. ఉంగరాన్ని మామూలుగా తూచి, తర్వాత దారానికి కట్టి గ్లాసు అడుగును, అంచులను తాకకుండా నీళ్ళలో వేలాడదీసి మళ్ళీ తూచాలి. మొదటి బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 5 గ్రాముల ఉంగరం ఎల్లో గోల్డ్ అయితే 0.32 గ్రాములు తగ్గాలి, రోజ్ గోల్డ్ అయితే 0.33. ఈ రెండింటినీ త్రాసు విడదీయలేదు, కన్నే విడదీయాలి. తెల్లటి ఉంగరాల్లో మాత్రం తేడా బాగా తెలుస్తుంది. నికెల్ పాకం 0.34, పల్లాడియం పాకం సుమారు 0.30, ప్లాటినం 0.25, వెండి 0.48. బోలు నగలకు, మైనం లేదా లక్క నింపిన నగలకు ఈ పరీక్ష పనికిరాదు.

కంసాలి ఒరగల్లు మీద గీత గీసి ఆమ్లం చుక్క వేసి పోల్చే పద్ధతి పసుపు నగలకు బాగానే పనిచేస్తుంది. రోజ్ గోల్డ్‌కు రోజ్ గోల్డ్ సూదులతో, వైట్ గోల్డ్‌కు వైట్ గోల్డ్ సూదులతో పోల్చకపోతే గీత మాసే తీరు వేరై తప్పు చెబుతుంది. దుకాణాల్లోని ఎక్స్‌రే యంత్రం లోహాల పేర్లు, పాళ్ళు నిమిషంలో చూపుతుంది, అయితే అది చూసేది పైపొరలో కొన్ని మైక్రాన్ల మేరే. రోడియం పూసిన నగను అలాగే పెడితే తెరమీద రోడియం కనిపించి బంగారం పాలు తప్పుగా వస్తుంది. పూతలేని చోట, లోపలి అంచునో కొక్కెం వెనుకో చిన్నగా గీకి పరీక్షించమనాలి. ఆ అంకె మీదా అనుమానం మిగిలితే మిగిలేది ఒక్కటే. చిన్న ముక్క తీసి సీసంతో కలిపి మూసలో కాల్చి, బంగారంతో మిగిలిన వెండిని ఆమ్లంలో కరిగించి, చివరికి మిగిలిన బంగారాన్ని తూచే పాత పరీక్ష. హాల్‌మార్క్ కేంద్రాల్లో ఈనాటికీ తుది మాట దానిదే.